మా పొలం ఇంటికి రేలచెలక అని పేరు పెట్టిన కథ

నమస్కారం. నా వెనుక కనిపిస్తున్న గేటు దేవరకొండ దగ్గరి మా ఊరిలో, మా రెండెకరాల చెలకలో కట్టుకున్న ఇంటిది. డల్లాస్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చిన నాకు గృహప్రవేశం పనులన్నిటి కన్నా ఎక్కువ సమయం తీసుకున్నది ఈ ఇంటి పేరే.

పిల్లలు తమ ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలను కలిపి ఒక పేరు తయారు చేశారు. అది వినడానికి ముద్దుగానే ఉన్నా, రేపు మా తమ్ముడి పిల్లలు వచ్చి ఇందులో మేమెక్కడున్నామని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. నాన్న కోరిన వెంకటేశ్వర నిలయం మా వీధిలోనే మరో రెండిళ్ళకు ఉంది.

అప్పుడు, మా భూమిని ఇరవై ఏళ్ళకు పైగా కౌలుకు చేసిన పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ఈ చెలకను మీరేమని పిలిచేవారని అడిగాను. "రేలచెలక అనేటోళ్ళం బిడ్డా, గెట్టు మీద పెద్ద రేలచెట్టు ఉండె" అన్నారు. ఎండాకాలంలో పసుపుపచ్చని గుత్తులతో వేలాడే ఆ చెట్టు ఇప్పుడు లేదు, గెట్టు మీద దాని మొద్దు మాత్రం మిగిలింది. పాసుబుక్కులో ఉండేది సర్వే నంబరే కాబట్టి, ఈ పేరు బతికింది కేవలం మనుషుల నోళ్ళలోనే. 1890లో మహబూబ్‌నగర్ అని మార్చినా పాలమూరు అనే మాట ఈనాటికీ జనం నోట పోలేదు కదా, అందుకే కొత్త పేరును అలవాటు చేయడం కన్నా, ఉన్న పేరునే గేటు మీదికి తేవడం నాకు సరైనదనిపించింది.

రాయి చెక్కించేటప్పుడు ఈ పేరులోని మరో సుగుణం తెలిసింది. ఇందులో ఒక్క ఒత్తు కూడా లేదు కాబట్టి అక్షరాలన్నీ ఒకే వరుసలో నిలుస్తాయి, కింద అదనంగా చోటు వదలనక్కర లేదు. జాగ్రత్త పడవలసింది తలమీది గుర్తుల దగ్గరే, ఎందుకంటే రే మీది ఏత్వం సన్నగా పడితే దూరానికి రెలచెలకగా కనిపిస్తుంది, చె మీది ఎత్వం సాగితే చేలక అవుతుంది. అందుకని చెక్కడానికి ముందే అసలు కొలతలో కాగితం మీద అచ్చు వేయించి, గేటుకు అతికించి, ముప్పై అడుగుల దూరంలోని రోడ్డు మీద నిలబడి చూశాను. మూడంగుళాల అక్షరాల్లో రే ఏదో, రె ఏదో తేలలేదు. ఐదంగుళాలకు పెంచి, ఏత్వం గీతను లావు చేయించాక, కళ్ళజోడు పెట్టుకోకుండానే అమ్మ గడగడా చదివింది.

నల్లరాయి మీద తెల్లరంగు నింపిన ఆ అక్షరాలే మీరిప్పుడు చూస్తున్నవి. గెట్టు మీద, ఆ పాత మొద్దుకు రెండడుగుల దూరంలో, నిన్న సాయంత్రం నాన్న ఒక రేల మొక్క నాటారు.