హాస్టల్ స్నానాల గదులకు ఏ కుళాయి నిలుస్తుంది?

ఆతిథేయి: నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో నాలుగంతస్తుల హాస్టల్ నడుపుతున్న మేడం గారు ఈ రోజు మనతో మాట్లాడుతున్నారు. మేడం, మీ హాస్టల్‌లో ఉమ్మడి స్నానాల గదులు ఎన్ని?

హాస్టల్ యజమాని: పన్నెండు ఉన్నాయండీ. గదికి రెండు కుళాయిల చొప్పున ఇరవై నాలుగు. మొదట్లో అన్నీ రబ్బరు వాషర్ ఉండే మర కుళాయిలే పెట్టించాను. ఏడాది తిరగకుండానే సగం కారడం మొదలైంది.

ఆతిథేయి: వాషర్ మారిస్తే సరిపోదా?

హాస్టల్ యజమాని: ఇంట్లో అయితే సరిపోతుంది. హాస్టల్‌లో ఒక్కో కుళాయిని రోజుకు పది మంది తిప్పుతారు. చుక్క పడుతోందని కనిపించగానే ప్రతి ఒక్కరూ ఇంకాస్త బలంగా బిగిస్తారు, దాంతో రబ్బరు తెగి, నీళ్లు సందులోంచి జారుతూ లోపలి ఇత్తడి గట్టు మీద గాడి పడుతుంది. ఆ తరువాత కొత్త వాషర్ వేసినా చుక్క ఆగదు. అందుకే పావు చుట్టు తిరిగే సెరామిక్ కార్ట్రిడ్జ్ కుళాయిలకు మారాను. కార్ట్రిడ్జ్ అంటే కుళాయి లోపల విప్పి మార్చగలిగే భాగం, అందులో రెండు పింగాణీ బిళ్లలు ఒకదాని మీద ఒకటి తిరిగి నీళ్లను ఆపుతాయి. వాటిలో పిడి ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది కాబట్టి, బలం పెట్టి బిగించినంత మాత్రాన అదనంగా మూసుకునేదేమీ ఉండదు.

ఆతిథేయి: మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కదా, దానికి అవి తట్టుకుంటాయా?

హాస్టల్ యజమాని: అక్కడే జాగ్రత్త పడాలి. ఇసుక రేణువులు, పేరుకున్న ఉప్పు ఆ బిళ్లల మధ్య చేరితే గీతలు పడతాయి. పిడి బిగుసుకుంటూ వస్తే, కారడానికి ముందే కార్ట్రిడ్జ్ విప్పి, కాసేపు వెనిగర్‌లో నానబెట్టి కడగాలి. బకెట్ కుళాయికి మూతి జాలీ లేనిదే తీసుకున్నాను, ఎందుకంటే జాలీ ఉంటే ఉప్పు ముందు అక్కడే పట్టి ధార సన్నబడుతుంది. పొడవు పిడి కూడా వద్దన్నాను, దానికి తువ్వాళ్లు, బకెట్లు తగిలించి విరగ్గొడతారు.

ఆతిథేయి: ఏ భాగం పాడైందో మీరే ఎలా గుర్తిస్తారు?

హాస్టల్ యజమాని: నీరు మూతి నుంచి కారితే కార్ట్రిడ్జ్, పిడి మొదట్లో కారితే సాధారణంగా ఓ-రింగ్ అనే రబ్బరు రింగు. కార్ట్రిడ్జ్‌లు కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి ఇరవై నాలుగూ ఒకే మోడల్ తీసుకొని, నాలుగు కార్ట్రిడ్జ్‌లు దగ్గర ఉంచుకున్నాను.

ఆతిథేయి: కుళాయి మార్చేటప్పుడు అంతస్తు మొత్తానికీ నీళ్లు ఆపాల్సిందేనా?

హాస్టల్ యజమాని: ఇదివరకు అంతే చేసేవాళ్లం, కాలేజీకి వెళ్లే వేళ పిల్లలు ఎంతో ఇబ్బంది పడ్డారు, అది నాకు చాలా బాధ కలిగించింది. ఇప్పుడు ప్రతి గదికీ విడిగా ఒక బాల్ వాల్వ్ పెట్టించాను. దాన్ని నెలకోసారి తిప్పకపోతే ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది, అవసరమైన రోజున తిరగదు. అందుకే ప్రతి నెలా ఒకటో తేదీన పన్నెండూ తిప్పి చూడటం మా వాచ్‌మన్ పనిలో చేర్చాను.