మార్చిలో లాభం వచ్చింది, మరి జీతాలకు డబ్బేది?

(తెర మీద: తెనాలిలో చిన్న కంటి క్లినిక్, కౌంటర్ దగ్గర బిల్లుల కట్ట)

తెనాలిలో ఒక చిన్న కంటి క్లినిక్ ఉందనుకుందాం. మార్చిలో డాక్టరుగారు క్యాష్‌లెస్ కింద 20 శుక్లం ఆపరేషన్లు చేశారు. ఒక్కోదానికి 20,000 చొప్పున ఇన్సూరెన్స్‌కు పంపిన బిల్లు 4,00,000. చేతికి డబ్బిచ్చిన పేషెంట్ల నుంచి మరో 3,00,000 వచ్చింది. జీతాలు, అద్దె, లెన్సులు, మందులు కలిపి 4,80,000 ఖర్చయి, అంతా ఆ నెలలోనే కట్టేశారు.

(తెర మీద: రెండు కాగితాలు పక్కపక్కన)

పని చేసిన రోజే ఆదాయం రాసుకుంటే 7,00,000లోంచి 4,80,000 పోగా లాభం 2,20,000. దీన్నే ఆడిటర్లు మర్కంటైల్ పద్ధతి అంటారు. డబ్బు వచ్చినప్పుడే రాసే నగదు పద్ధతిలో అయితే అదే నెలకు 1,80,000 నష్టం. రెండూ తప్పు కాదు. మొదటిది క్లినిక్ ఎంత సంపాదించిందో చెబుతుంది, రెండోది ఒకటో తారీఖున జీతాలివ్వగలదో లేదో చెబుతుంది.

ఇప్పుడు జూన్‌కి వద్దాం. డాక్టరుగారికి ఒంట్లో బాగోలేదు, ఇన్సూరెన్స్ ఆపరేషన్ ఒక్కటీ జరగలేదు. కౌంటర్ వసూళ్లు 1,60,000, ఖర్చు 3,90,000. మర్కంటైల్ లెక్కలో 2,30,000 నష్టం. కానీ సరిగ్గా అప్పుడే మార్చి బిల్లుల డబ్బు వచ్చింది. బ్యాంకు నిండుగా కనిపిస్తోంది. నాకు భయం వేసేది ఈ నెల చూస్తేనే. నగదు లెక్క మాత్రమే చూసేవాళ్లు ఇలాంటప్పుడే కొత్త మెషిన్‌కు అడ్వాన్స్ ఇచ్చేస్తారు.

(తెర మీద: 4,00,000 → 3,80,000 → 3,42,000)

బ్యాంకులో పడింది 3,42,000. మిగతా 58,000 ఏమైంది? 20,000 ఇన్సూరెన్స్ వాళ్లు బిల్లులో కోసేశారు. 38,000 పది శాతం టీడీఎస్. ఈ రెంటినీ కలిపి ఒకే పద్దులో రాయకండి. కోత నిజమైన నష్టం, దానితో మార్చి లాభం 2,00,000కు తగ్గుతుంది. టీడీఎస్ మాత్రం మీ పన్ను ఖాతాలోకి ముందుగా చేరిన మీ డబ్బే. అది మీ పేరున జమైన పన్నును చూపే ఫారం 26ఏఎస్‌లో కనబడాలి. నగదు పద్ధతిలోనూ ఆదాయం 3,80,000గానే చూపించాలి.

పన్ను దగ్గర ఈ తేడా గట్టిగా తగులుతుంది. మర్కంటైల్‌లో రాస్తే మార్చి 31 నాటికి చేతికి రాని బిల్లులు కూడా ఆ ఏడాది ఆదాయమే. అందుకే సొంతంగా ప్రాక్టీసు చేసే డాక్టర్లు చాలామంది నగదు పద్ధతి ఎంచుకుంటారు. కాకపోతే ఏడాదికో పద్ధతి మార్చడం కుదరదు. క్లినిక్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే మర్కంటైల్ తప్పనిసరి.

(తెర మీద: నోటు పుస్తకంలో నాలుగు గళ్లు)

పన్నుకు ఏ పద్ధతి పాటించినా పక్కన ఒక పుస్తకం పెట్టుకోండి. బిల్లు పంపిన తేదీ, మొత్తం, మంజూరైనది, బ్యాంకులో పడినది. ప్రతి శనివారం అరవై రోజులు దాటిన వరుసలకు ఎర్ర సిరాతో గీత గీసి, సోమవారం పొద్దున్నే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున బిల్లులు చూసే టీపీఏకు ఫోన్ చేయండి.