లేస్తే కళ్ళు బైర్లు కమ్మడం, ఒత్తిగిలితే గిర్రున తిరగడం: ఏది బీపీ, ఏది చెవి?

నమస్కారం అండీ. పొద్దున మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది చేతిలో అప్పటికే రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి మెడ ఎక్స్‌రే. రెండోది కళ్ళు తిరగడం తగ్గడానికని బీటాహిస్టిన్ టాబ్లెట్లు రాసిన చీటీ. ఎక్స్‌రేలో మెడ ఎముకలు అరిగాయని ఉంటుంది. యాభై దాటినవాళ్ళకి తీస్తే చాలావరకు అలాగే కనిపిస్తుంది. కానీ వాళ్ళని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: "మంచం మీద పడుకునే ఉండి, తల కూడా ఎత్తకుండా, పక్కకి ఒత్తిగిలినప్పుడు తిరుగుతాయా?"

ఈ ప్రశ్న ఎందుకంటే, మంచం మీద నుంచి లేచినప్పుడు ఒంట్లో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పడుకున్న మనిషి నిలబడగానే దాదాపు అర లీటరు నుంచి ముప్పావు లీటరు రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. అదే సమయంలో తల వాలు మారుతుంది కాబట్టి లోపలి చెవిలో ఉన్న ద్రవం, దానిలో ఏమైనా తేలుతుంటే అవి కూడా కదులుతాయి. అందుకే "లేవగానే తిరిగాయి" అన్నంత మాత్రాన అది బీపీ పడిపోవడమో, చెవి సమస్యో చెప్పలేం. రెండింటినీ విడదీయాలి.

విడదీయడం ఇలా. పడుకునే ఒత్తిగిలితే గుండె, మెదడు ఒకే ఎత్తులో ఉంటాయి. కాబట్టి ఆ కదలికకి బీపీ పడిపోదు. అప్పుడు కూడా తిరుగుతున్నాయంటే చెవి వైపు చూడాలి. కుర్చీలోంచి లేచినప్పుడు దీనికి ఉల్టా. రక్తం కిందకి దిగుతుంది, కానీ తల వాలు పెద్దగా మారదు. మంచంలో ఎన్నిసార్లు పొర్లినా ఏమీ కాకుండా, కుర్చీలోంచో బాత్‌రూమ్‌లోంచో లేచినప్పుడే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయంటే బీపీ వైపు చూడాలి.

ఇక్కడ ఒక మాట. "గది తిరిగినట్టు ఉందా, కళ్ళు బైర్లు కమ్మినట్టు ఉందా" అనే వర్ణన ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. బీపీ పడిపోయినవాళ్ళు కూడా కొందరు గది గిర్రున తిరిగిందంటారు. చెవి సమస్య ఉన్న పెద్దవాళ్ళు ఒక్కోసారి "తూలుతున్నానమ్మా" అని మాత్రమే అంటారు. ఏ కదలికతో మొదలైంది, ఎంతసేపు ఉంది, ఏం చేస్తే తగ్గింది, ఈ మూడూ అడిగితే జవాబు చాలా నికరంగా వస్తుంది.

ఇప్పుడు బీపీ సంగతి చూద్దాం. ఈయన మా బాబాయి. వయసు 64, షుగర్ చాలాకాలంగా ఉంది, బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటారు. ఈమధ్య ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ మొదలుపెట్టారు. అప్పటి నుంచి రాత్రి పాస్‌కి లేచినప్పుడు కళ్ళ ముందు నల్లగా అయిపోతోందట, మెడ వెనక, భుజాల్లో పీకుతోందట. మళ్ళీ మంచం మీద కూర్చుంటే నిమిషంలో సర్దుకుంటోంది. బాబాయ్, మంచంలో తిరిగినప్పుడు ఏమన్నా అనిపిస్తోందా?

"లేదమ్మా, పడుకుంటే హాయిగానే ఉంటుంది. నిలబడితేనే."

సరే, పరీక్ష చేద్దాం. ఇంట్లో ఉండే మామూలు బీపీ మిషన్ చాలు. ముందు ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. అప్పుడు ఒకసారి చూడాలి. బాబాయిది 148/86, నాడి 74. ఇప్పుడు లేచి నిలబడండి బాబాయ్, నేను పట్టుకుంటాను. నిలబడి ఒక నిమిషం అయ్యింది: 122/76, నాడి 79. మూడో నిమిషం: 118/74, నాడి 80. పరీక్ష మధ్యలో మరీ తూలితే అంకె కోసం ఆగొద్దు, వెంటనే కూర్చోబెట్టండి.

నిలబడిన మూడు నిమిషాల లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే దాన్ని నిలబడితే బీపీ పడిపోవడం అంటాం. బాబాయికి పై అంకె 30 పడింది. అంతే ముఖ్యమైనది నాడి. బీపీ ఇంత పడినప్పుడు గుండె వేగం బాగా పెంచుకుని సర్దుకోవాలి. ఈయనకి ఆరే పెరిగింది. అంటే "బీపీ పడింది, వేగం పెంచు" అని గుండెకి చెప్పే నరాలే మందగించాయని అనుమానం. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో ఇది జరుగుతుంది, పార్కిన్సన్స్ జబ్బులోనూ జరుగుతుంది. దాని మీద టామ్సులోసిన్ రక్తనాళాలను ఇంకొంచెం వదులు చేసింది. ఒకటి గుర్తుంచుకోండి, మెటోప్రొలాల్ లాంటి మందులు వేసుకునేవాళ్ళకి నాడి మామూలుగానే పెరగదు, కాబట్టి వాళ్ళలో ఈ లెక్క పనికిరాదు.

అదే బాబాయికి నాడి 74 నుంచి 110కి ఎగిరి ఉంటే నా ఆలోచన వేరే దారిలో వెళ్ళేది. అప్పుడు నరాలు బాగానే పనిచేస్తున్నట్టు, ఒంట్లో ద్రవమో రక్తమో తగ్గినట్టు. విరేచనాలు, వాంతులు, ఎండలో పని, పాస్ ఎక్కువ వచ్చే టాబ్లెట్లు, ఇవి చూస్తాను. మోకాళ్ళ నొప్పులకి రోజూ నొప్పి మాత్రలు మింగేవాళ్ళనైతే తప్పకుండా అడుగుతాను: విరేచనం తారులాగా నల్లగా, జిగటగా అవుతోందా? అవుతోందంటే కడుపులో పుండు నుంచి రక్తం కారుతూ ఉండొచ్చు. అలాంటివాళ్ళు రేపటి దాకా ఆగకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ పరీక్షలో ఇంట్లో ఎక్కువగా జరిగే పొరపాటు చెయ్యి కిందకి వేలాడేసి చూడటం. చెయ్యి గుండె కంటే పది సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె దాదాపు 8 ఎక్కువ చూపిస్తుంది. పడిపోయిన బీపీ అలా దాక్కుంటుంది. ఇదిగో, నేను బాబాయి చెయ్యి నా అరచేతిలో పెట్టుకుని, కట్టిన పట్టీ ఛాతీ మధ్య ఎత్తుకి వచ్చేలా ఎలా పట్టుకున్నానో చూడండి. ఇంకోటి, మధ్యాహ్నం ఒకసారి చూసి బాగుందంటే బాగున్నట్టు కాదు. పొద్దున లేవగానే, భోజనం అయిన గంటకి, మీకు ఎప్పుడు తిరుగుతాయో అప్పుడు చూడండి. ఆ అంకెలన్నీ రాసుకుని డాక్టర్‌కి చూపించండి.

టాబ్లెట్లు మాత్రం మీరే ఆపేయొద్దు. బాబాయికి పడుకుంటే బీపీ ఎక్కువే ఉంది, నిలబడితేనే తక్కువ. ఏ మందు తగ్గించాలి, ఏది ఏ పూట వేసుకోవాలి అన్నది ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని డాక్టర్ తేల్చాలి. ఈలోగా రాత్రి లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, లైటు వేసుకుని అప్పుడు లేవాలి. మగవాళ్ళు రాత్రిపూట పాస్‌కి కూర్చునే వెళ్ళడం మేలు. ఇలా నరాలు మందగించినవాళ్ళలో పొద్దున లేచే ముందు రెండు పెద్ద గ్లాసుల నీళ్ళు గబగబా తాగితే కొద్ది నిమిషాల్లో బీపీ కాస్త పెరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళు తగ్గించమన్నవాళ్ళు మాత్రం ఇది చేయకూడదు.

ఇక చెవి. ఒకావిడ ఇలా చెప్పారనుకోండి: "రాత్రి కుడి పక్కకి తిరిగితే గదంతా గిర్రున తిరుగుతోంది. ఎడమ పక్కకి పడుకుంటే ఏం లేదు. పొద్దున ముగ్గు వేయడానికి వంగినా వస్తోంది, సజ్జ మీద డబ్బా కోసం తల పైకెత్తినా వస్తోంది. కాసేపటికి ఆగిపోతుంది, కానీ వాంతి వచ్చినట్టు ఉంటుంది." బీపీ మిషన్ తీయకముందే ఇందులో జవాబు చాలావరకు ఉంది.

లోపలి చెవిలో ఒక సంచిలో కంటికి ఆనని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి. వయసుతోనో, తలకి దెబ్బ తగిలో కొన్ని ఊడిపోయి, పక్కనే ఉన్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లో ఒకదానిలో పడతాయి. ఎక్కువగా వెనక గొట్టంలో. తల వాలు మారినప్పుడల్లా అవి, నీళ్ళ గ్లాసులో ఇసుకలాగా, మెల్లగా కిందికి దిగుతాయి. దిగుతున్నంతసేపు ద్రవం కదిలి, తల తిరుగుతోందని మెదడుకి అబద్ధపు కబురు వెళ్తుంది. అందుకే పక్కకి తిరిగిన రెండు మూడు సెకన్ల తరవాత మొదలై, నిమిషం లోపే ఆగిపోతుంది. వినికిడి మాత్రం తగ్గదు. వినికిడి తగ్గి, చెవి మూసుకుపోయినట్టై, హోరు పెడుతూ గంటల తరబడి తిరిగితే అది వేరే జబ్బు, ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి.

దీన్ని తేల్చే పరీక్ష పేరు డిక్స్-హాల్‌పైక్. కూర్చోబెట్టి, తల 45 డిగ్రీలు కుడికి తిప్పి, తల మంచం అంచు దాటి కొంచెం వేలాడేలా చకచకా వెనక్కి పడుకోబెడతాం. రోగి కళ్ళు తెరిచి ఉంచాలి, ఎందుకంటే మేం చూసేది కళ్ళనే. కుడి చెవిలో స్ఫటికాలుంటే ఒకట్రెండు క్షణాలు ఏమీ ఉండదు, తరవాత కనుగుడ్లు నుదుటి వైపు గెంతుతూ, కింద ఉన్న చెవి వైపు మెలితిరుగుతాయి. క్రమంగా ఆగిపోతాయి.

కుడి చెవే అని తేలితే అక్కడి నుంచే ఎప్లీ పద్ధతి మొదలుపెడతాం. ఆ భంగిమలోనే అర నిమిషం నుంచి నిమిషం. తరవాత తల 90 డిగ్రీలు ఎడమకి, మళ్ళీ అంతసేపు. తరవాత ఒళ్ళంతా ఎడమ పక్కకి తిప్పి, ముక్కు నేలకేసి చూసేలా ఉంచి, మళ్ళీ అంతసేపు. చివర కాళ్ళు కిందికి దించి, గడ్డం కొంచెం దించి కూర్చోబెడతాం. స్ఫటికాలు గొట్టం చుట్టూ తిరిగి మొదట ఉన్న సంచిలోకి జారతాయి. చాలామందికి ఒకటి రెండు సార్లలోనే తగ్గుతుంది. ఏ టాబ్లెట్టూ ఆ స్ఫటికాలని కదపలేదు, అందుకే నెలల తరబడి మందు వాడినా కుడి పక్కకి తిరిగితే మళ్ళీ వస్తుంటుంది. ఏ చెవో, ఏ గొట్టమో తేలకుండా ఇంట్లో చేసుకోవద్దు. మెడకి ఆపరేషన్ అయినవాళ్ళు, మెడ బాగా పట్టేసినవాళ్ళు డాక్టర్ చేతుల మీదుగానే చేయించుకోవాలి.

ఒకే మనిషికి ఈ రెండూ ఉండొచ్చు. ముఖ్యంగా షుగర్ ఉన్న పెద్దవాళ్ళలో. చెవికి చికిత్స చేశాక మంచంలో పొర్లినా ఏమీ లేదు, కానీ నిలబడితే మాత్రం ఇంకా తూలుతోందంటే, అప్పుడు పడుకుని, నిలబడి బీపీ చూడాల్సిందే.

ఈ రెండు నమూనాల్లోనూ ఇమడనిది ఒకటుంది. కదిలినా కదలకపోయినా ఆగకుండా గంటల తరబడి తిరుగుతూనే ఉండటం. చెవి నరం వాపు వల్లా రావచ్చు, మెదడు వెనక భాగంలో పక్షవాతం వల్లా రావచ్చు. దాంతోపాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మింగలేకపోయినా, ముఖమో చెయ్యో కాలో ఒక పక్క మొద్దుబారినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, పట్టుకున్నా సరే నిలబడలేకపోయినా ఇంట్లో పరీక్షలు పెట్టుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్, స్ట్రోక్ చికిత్స ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళండి. సీటీ బాగుందన్నా లక్షణాలు తగ్గకపోతే ఎమ్మారై గురించి అడగండి, తల వెనక భాగంలో వచ్చే స్ట్రోక్ సీటీలో మొదట్లో కనిపించకపోవచ్చు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి కాబట్టి, ఆ మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసి వెంట తీసుకెళ్ళండి.