ఒక షాపులో లైటు పెరిగి, పక్క షాపులో తగ్గుతుంటే: కాంప్లెక్స్ ప్యానెల్ బోర్డు రిపేరు ఎలా అడగాలి

"అన్నా, గుంటూరులో ఒక కాంప్లెక్స్ రెండో ఫ్లోర్‌లో షాపు అద్దెకు తీసుకుని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేస్తున్నాను. పదకొండు దాటాక లైట్లు ఒక్కసారిగా ధగధగా వెలిగి మళ్లీ తగ్గిపోతాయి. మెషీన్ డిజైన్ మధ్యలో ఆగిపోతుంది. కింద ఉన్న కామన్ ప్యానెల్ బోర్డు ఎలక్ట్రీషియన్‌కు చూపించమని సెక్రటరీ గారికి ఆరుసార్లు చెప్పాను. 'అది కరెంటాఫీసు ప్రాబ్లమ్, లేకపోతే మీ మెషీన్ ప్రాబ్లమ్' అంటున్నారు. మెయింటెనెన్స్ కట్టడం ఆపేస్తే వింటారా?"

మెయింటెనెన్స్ మాత్రం ఆపొద్దు చెల్లెమ్మా. మీరు ఒక్క నెల ఆపితే చాలు, మాట ప్యానెల్ మీద నుంచి మీ బాకీ మీదకు వెళ్లిపోతుంది. ఇప్పుడు న్యాయం మీ వైపు ఉంది. దాన్ని చేజేతులా పోగొట్టుకోకండి. కట్టిన రసీదులన్నీ దాచుకోండి, వాటితో పని ఉంది.

మీరు రాసినదాంట్లో నాకు భయం వేసిన మాట ఒకటుంది. లైట్లు "ధగధగా వెలిగి" అన్నారు. కరెంటు తగ్గడం మనకు అలవాటే. ఎండాకాలం సాయంత్రం లోడు పెరిగితే ఊరంతా లైట్లు మసకబారతాయి. కానీ తగ్గాల్సిన టైములో లైటు పెరిగిందంటే, అది మామూలు లో వోల్టేజ్ కాదు. ఎక్కువ శాతం అది లూజ్ న్యూట్రల్. నేను ఇన్నేళ్లు కాంప్లెక్సుల్లో వైరింగ్ పని చేశాను. ఈ మాట వింటే ఇప్పటికీ చేతిలో పని పక్కన పెట్టి వెళ్తాను.

అదేంటో చెప్తాను. మీ కాంప్లెక్సుకు పోల్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. మెట్ల కింద ఉన్న బోర్డులో వాటిని షాపులకు పంచుతారు. మీకు ఒక ఫేజు, పక్క షాపుకు ఇంకో ఫేజు, న్యూట్రల్ మాత్రం అందరికీ ఒక్కటే. ఆ న్యూట్రల్ గట్టిగా ఉన్నంతవరకు ఎవరి లోడు ఎంతున్నా అందరికీ 230 వోల్టుల దగ్గర వస్తుంది. అది లూజైతే రెండు వేర్వేరు ఫేజుల మీద ఉన్న షాపులు ఒకదాని వెనక ఒకటి కట్టినట్టు అయిపోతాయి. రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను అవి పంచుకోవాలి. ఆ పంపకం సమానంగా జరగదు. ఏసీలు, ఫ్రీజర్లు పెట్టుకున్న షాపుకు తక్కువ వోల్టేజ్ వస్తుంది, తక్కువ లోడు ఉన్న షాపు నెత్తిన ఎక్కువ పడుతుంది. పదకొండు దాటాక పక్కవాళ్లు ఏసీలు వేస్తారు, ఆ దెబ్బ మీ మెషీన్‌కు తగులుతుంది. ఈ లెక్కలో మీ మెషీన్ తప్పు ఎక్కడా లేదు.

విజయవాడలో ఒక కాంప్లెక్సులో ఇదే చూశాను. కింద స్వీట్ షాపు, వాళ్లకు డీప్ ఫ్రీజర్లు. పైన చిన్న జిరాక్స్ సెంటర్. ఆ జిరాక్స్ అబ్బాయికి ఒకే ఏడాదిలో రెండు బోర్డులు కాలిపోయాయి. స్టెబిలైజర్ కొన్నాడు, అదీ కాలింది. లైన్‌మన్ ఫ్యూజులు తీశాక ప్యానెల్ తెరిచి చూస్తే, న్యూట్రల్ కేబుల్ చివర ఉండే అల్యూమినియం లగ్గు నల్లగా మాడిపోయింది. దాన్ని పట్టి ఉంచాల్సిన బోల్టు వేలితో తిప్పితే తిరిగింది. పక్కనున్న వైరు మీద ప్లాస్టిక్ కరిగి కారింది. ఆ లగ్గు ఖరీదు చాలా తక్కువ. ఆ అబ్బాయి పోగొట్టుకున్నది దానికి ఎన్ని రెట్లో అతనికే తెలుసు.

అందుకే మీకు అర్జంటుగా చెప్పేది, మీ షాపు మెయిన్‌లో ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ కట్ చేసే ప్రొటెక్టర్ ఒకటి పెట్టించుకోండి. ఎంసీబీ ఈ పని చేయదు. అది ఎక్కువ కరెంటు లాగితే పడుతుంది, వోల్టేజ్ పెరిగితే దానంతట అది పడదు. ప్రొటెక్టర్ వల్ల మెషీన్ మిగులుతుంది కానీ రోగం పోదు. ఇంకో మాట. ఎవరైనా ఎలక్ట్రీషియన్ వచ్చి "న్యూట్రల్‌కు ఎర్త్ కలిపేస్తే సరిపోతుంది" అంటే ఒప్పుకోవద్దు. అలా చేస్తే ఎర్త్ ఇచ్చిన ప్రతి మెషీన్ బాడీలోకి కరెంటు వచ్చే ప్రమాదం ఉంది. మీ దగ్గర పనిచేసే పిల్లలు రోజంతా ఇనుప ఫ్రేమ్ మీద చేతులు పెట్టి కూర్చుంటారు.

ఇప్పుడు అడగడం సంగతి. ఆరుసార్లు మీరు చెప్పినా ఆయనకు వినపడింది "కరెంటు సరిగ్గా రావట్లేదు" అనే. ఆ మాట సెక్రటరీ గారు రోజూ నలుగురి దగ్గర వింటారు. ఆయన చెవికి అది ఫిర్యాదు కాదు, గొణుగుడు. మీరు చూపించాల్సింది ఆయన కాదనలేనిది.

సాకెట్‌లో గుచ్చితే వోల్టేజ్ అంకెల్లో చూపించే చిన్న మీటర్లు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. ఒకటి తెచ్చుకోండి. ఐదు రోజులు నోట్‌బుక్‌లో రాయండి. షాపులు తెరవకముందు ఎంత, పదకొండుంపావుకు ఎంత, మీ ఇస్త్రీ పెట్టె వేస్తే ఎంత. పొద్దున 230 దగ్గర ఉండి, పక్కవాళ్ల ఏసీ పడగానే 260 దాటి, మీ ఇస్త్రీ పెట్టె వేస్తే ఒక్కసారిగా కిందికి పడితే, కథ అక్కడే తెలిసిపోతుంది. ఆగిన డిజైన్లు కూడా అదే పేజీలో రాయండి. పట్టు జాకెట్ ముక్క మీద మధ్యలో ఆగి, మళ్లీ మొదలుపెడితే దారం వెంట్రుకవాసి పక్కకు జరిగి, విప్పినా సూది రంధ్రాలు పోని ముక్క ఉంటే, దాన్ని పారేయకండి. తేదీ రాసి ఉంచండి.

తర్వాత పక్క షాపుకు వెళ్లండి. ఇద్దరూ ఒకే టైములో ఫోన్‌లో లైటు వీడియో తీయండి. రెండు చోట్లా కలిసి తగ్గితే లో వోల్టేజో, లోడు ఎక్కువో అయుంటుంది. మీ దగ్గర పెరిగేటప్పుడు వాళ్ల దగ్గర తగ్గితే న్యూట్రలే. ఇద్దరూ ఒకే ఫేజు మీద ఉంటే తేడా కనపడదు, అప్పుడు ఇంకో షాపులో చూడండి. ఇలా తిరిగేటప్పుడే ఇంకెవరికి బల్బులు పోతున్నాయో, ఎవరి ఫ్రిజ్ పాడైందో బయటపడుతుంది. వాళ్ల సంతకాలు మీకు కావాలి.

ఇక "కరెంటాఫీసు ప్రాబ్లమ్" అన్న మాట. దాన్ని కొట్టిపారేయకండి, నిజం కావచ్చు. పోల్ దగ్గర జాయింటు లూజైనా ఇలాగే ఉంటుంది. 1912కు ఫోన్ చేసి "న్యూట్రల్ ఫ్లోటింగ్ అనుమానం, వోల్టేజ్ పెరుగుతోంది" అని ఈ మాటలతోనే చెప్పి కంప్లయింట్ నంబరు రాసుకోండి. లైన్‌మన్ వచ్చి పోల్ వైపు చూస్తారు. అక్కడ లూజుంటే బిగించి వెళ్తారు, మీ సమస్య తీరినట్టే. "మా వైపు బాగుంది, లోపల చూసుకోండి" అన్నారనుకోండి, నిరాశ పడకండి. సెక్రటరీ గారు ఇన్నాళ్లు చెప్పిన జవాబు ఆ మాటతో పోయింది. ఎవరొచ్చారు, ఏ తేదీన, ఏమన్నారు, రాసుకోండి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మేనేజ్‌మెంట్ వాళ్లు వెనకాడేది చాలాసార్లు డబ్బుకు కాదు. ఆ జాయింటు మీటర్లకు ముందు ఉంటుంది. లైన్‌మన్ పోల్ దగ్గర ఫ్యూజులు తీయాలి, అదే టైముకు లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ ఉండాలి, అన్ని షాపులకూ రెండు గంటలు కరెంటు ఉండదు. స్వీట్ షాపతను ఒప్పుకోడు, క్లినిక్ డాక్టరు గారు ఒప్పుకోరు. అందరితో మాట పడటం ఇష్టంలేక సెక్రటరీ వాయిదా వేస్తారు. కాబట్టి ఆ పని మీరే చేసి తీసుకెళ్లండి. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు అని షాపు షాపుకూ తిరిగి ఒప్పించండి. ఆ తర్వాత ఉత్తరం ఇవ్వండి. మీరు అద్దెకున్నవారు కాబట్టి మీ షాపు ఓనర్‌తో కూడా సంతకం పెట్టించండి. అసోసియేషన్‌లో సభ్యుడు ఆయన, మీరు కాదు.

ఉత్తరం ఇంత చాలు:

"సెక్రటరీ గారికి, నమస్కారం. మెట్ల కింద ఉన్న కామన్ ప్యానెల్‌లో న్యూట్రల్ జాయింటు లూజుగా ఉందని అనుమానం. ఐదు రోజుల వోల్టేజ్ రీడింగులు, రెండు షాపుల వీడియోలు జత చేస్తున్నాం. 1912లో ఇచ్చిన కంప్లయింట్ నంబరు, లైన్‌మన్ చెప్పిన మాట కింద రాశాం. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌తో ప్యానెల్‌లోని న్యూట్రల్ లింకు, లగ్గులు చెక్ చేయించి, మాడినవి మార్పించాలని కోరుతున్నాం. వచ్చే ఆదివారం పొద్దున 6 నుంచి 8 వరకు కరెంటు ఆపడానికి కింద సంతకం చేసిన షాపులన్నీ ఒప్పుకున్నాయి. మెయింటెనెన్స్ ఈ నెల వరకు కట్టాం, రసీదు జత చేశాం. ఇది మంటలకు దారితీసే లోపం కాబట్టి మూడు రోజుల్లో జవాబు ఇవ్వగలరు."

రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. వాట్సాప్‌లో ఫోటో కూడా పెట్టండి. నష్టం డబ్బు సంగతి ఈ ఉత్తరంలో కలపొద్దు. అది కలిపితే ఆయన రిపేరు పక్కన పెట్టి లాయర్‌ను అడుగుతారు. మెషీన్ బోర్డు కాలి ఉంటే సర్వీస్ ఇంజనీర్ రిపోర్టు తీసి పెట్టుకోండి, తర్వాత విడిగా అడగవచ్చు.

అద్దెలో కోసుకోవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 108లో ఒక వెసులుబాటు ఉంది. ఓనర్ చేయాల్సిన రిపేరు, నోటీసు ఇచ్చాక తగిన సమయంలో చేయకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చు. కానీ అది ఓనర్ బాధ్యతలో ఉన్న రిపేరుకు. కామన్ ప్యానెల్ ఒక్క ఓనర్‌ది కాదు, మీ అగ్రిమెంటులో ఏం రాసుకున్నారో కూడా చూడాలి. లాయర్‌కు అగ్రిమెంటు చూపించకుండా ఒక్క రూపాయి కోయొద్దు.

పని జరిగే రోజు మీరు అక్కడే ఉండండి. బోల్టు బిగించి మూత పెట్టేస్తే ఒప్పుకోవద్దు. మాడిన లగ్గు కోసేసి, కేబుల్ చివర శుభ్రం చేసి, కొత్త లగ్గు క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. అల్యూమినియం కేబుల్ ప్యానెల్‌లోని రాగి పట్టీకి, అంటే బస్‌బార్‌కు తగిలే చోట, రెండు లోహాలూ కలిపి చేసిన బైమెటాలిక్ లగ్గు వేయాలి. లేదంటే మళ్లీ తుప్పు పట్టి లూజవుతుంది. తీసిన పాత లగ్గు ఫోటో తీసి సెక్రటరీ గారికి పంపండి.

సోమవారం పదకొండుంపావుకు అదే సాకెట్‌లో అదే మీటర్ పెట్టండి. పక్కవాళ్ల ఏసీ పడ్డప్పుడు అంకె ఐదారు వోల్టులు మాత్రమే కదిలితే, ఆ రీడింగ్ కూడా అదే నోట్‌బుక్‌లో రాసి, మెషీన్ మీద పట్టు ముక్క ఎక్కించండి.