పెళ్లింట్లో మూడు రోజుల మందు, ఐఎన్‌ఆర్ 5.2

యాంకర్: జనగామ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. మా ఆయనకు రెండేళ్ల కింద గుండెలో మెటల్ వాల్వ్ వేశారు. రోజూ రాత్రి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటాడు. నిన్న రక్తం ఎంత పలచబడిందో చూసే టెస్ట్ చేయిస్తే ఐఎన్‌ఆర్ 5.2 వచ్చింది. ఎప్పుడూ 3 దగ్గరే ఉండేది.

డాక్టర్: ఏ మాత్రమ్మా? ఏ వాల్వ్ మార్చారు?

కాలర్: ఎసినోకౌమరాల్ అని ఉంది. మైట్రల్ వాల్వ్ అన్నారు. మాత్ర ఒక్కరోజూ తప్పలేదు సార్.

డాక్టర్: ఈ మధ్య మందు తాగారా?

కాలర్: మా మరిది పెళ్లిలో మూడు రోజులు గట్టిగానే తాగాడు. అన్నం కూడా సరిగా తినలేదు.

డాక్టర్: కారణం అదే అయ్యుంటుందమ్మా. ఈ మాత్రను విరిచి బయటికి పంపేది కాలేయం. ఒకేసారి ఎక్కువ మందు పడితే కాలేయం ఆ మందును విరిచే పనిలో పడిపోతుంది, మాత్ర ఒంట్లోనే నిలిచిపోతుంది. వేసుకున్నది పాత డోసే అయినా ఎక్కువ డోసులా పనిచేస్తుంది. దానికితోడు అన్నం, ఆకుకూరలు తినకపోతే విటమిన్ కె తగ్గి రక్తం ఇంకా పలచబడుతుంది. మందు పొట్ట లోపలి పొరను కూడా దెబ్బతీస్తుంది. అక్కడ రక్తం కారడం మొదలైతే తొందరగా ఆగదు.

కాలర్: అయితే రోజూ కొంచెం కొంచెం తాగితే పర్లేదా సార్? ఆయన అదే అంటాడు.

డాక్టర్: రోజూ బాగా తాగేవాళ్లలో కాలేయం అలవాటుపడి మాత్రను తొందరగా విరిచేస్తుంది. అప్పుడు ఐఎన్‌ఆర్ పడిపోతుంది, వాల్వ్ మీద రక్తం గడ్డ కట్టొచ్చు. అది మెదడుకు వెళ్తే పక్షవాతం. తాగడం మానేసినా అంకె మళ్లీ మారుతుంది. అందుకే ఎంత తాగుతున్నారో మీ డాక్టరుకు దాచకుండా చెప్పాలి. సరే, రక్తం ఎక్కడైనా కనిపించిందా?

కాలర్: పొద్దున బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి వచ్చింది. ఉమ్మితే సింకంతా ఎర్రగా అయింది.

డాక్టర్: మలం తారులా నల్లగా ఉందా? ఎక్కడైనా పడ్డారా?

కాలర్: నల్లగా లేదు సార్. పెళ్లి రాత్రి మెట్ల మీద జారాడు, తల గోడకు తగిలింది. చిన్న బొప్పే. నిన్నటి నుంచి మాత్రం తలనొప్పి అంటున్నాడు.

డాక్టర్: అమ్మా, ఇది రేపటికి వాయిదా వేసేది కాదు. ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. 'ఐఎన్‌ఆర్ 5.2, తలకు దెబ్బ, తలనొప్పి' అని ముందే చెప్పండి, వెంటనే సీటీ స్కాన్ తీస్తారు. తలలో రక్తం మెల్లగా చేరితే మొదటి రెండు మూడు రోజులు మనిషి బాగానే కనిపించొచ్చు. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి ఇవ్వొద్దు. వాల్వ్ ఉంది కాబట్టి మాత్ర ఎన్ని పూటలు ఆపాలో, మళ్లీ ఎప్పుడు వేయాలో అక్కడి డాక్టరే చెప్పాలి.

కాలర్: ఆయన పడుకున్నాడు సార్, లేపుతాను.

డాక్టర్: లేపండమ్మా. లేవకపోయినా, మత్తుగా ఉన్నా, వాంతి అయినా 108కి ఫోన్ చేయండి. ఇక ఈ ఫోన్ పెట్టేయండి.