ఆఫీసర్‌కి కథ వద్దు, తేడా సున్నా చేసి చూపించండి!

ఒక వ్యూయర్ అడిగారు: "అన్నా, ఐటీ శాఖ వార్షిక సమాచార పత్రం ఏఐఎస్‌లో 2024-25 వడ్డీ 1,46,000 చూపిస్తోంది. రిటర్న్‌లో నేను 88,000 వేశాను. నోటీసు వచ్చింది. ఆఫీసర్‌కి లెటర్ ఎలా రాయాలి?"

ముందుగా ఒక మాట. "అయ్యా, పొరపాటైంది, క్షమించండి" అనే లెటర్ చించేయండి! ఆ ఒక్క ముక్కతో 58,000 మొత్తం మీరే దాచారని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆఫీసర్‌కి కావాల్సింది ఆ 58,000 పైసాతో సహా ఎక్కడ తేలిందనేదే.

పాస్‌బుక్‌లు పక్కన పెట్టుకుని ఏఐఎస్ తెరవండి. ఒకే ఎఫ్‌డీ వడ్డీ 42,000 రెండుసార్లు ఉందనుకుందాం. బ్యాంకు మూడు నెలలకోసారి టీడీఎస్ రిటర్న్ వేస్తుంది, ఏడాదికోసారి ఆర్థిక లావాదేవీల నివేదిక ఎస్‌ఎఫ్‌టీ వేస్తుంది. రెండూ మీ పాన్ మీదికే వస్తాయి. ఎలా పట్టుకోవాలి? టీడీఎస్ లైన్ విప్పితే నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 10,500. కూడితే 42,000. ఎస్‌ఎఫ్‌టీ లైన్‌లోనూ అదే బ్యాంకు, అదే 42,000! నన్నడిగితే వడ్డీ నోటీసుల్లో సగం గొడవ ఈ డబుల్ ఎంట్రీదే. రూపాయి దాచని మనిషికి నిద్ర లేకుండా చేస్తోంది, కోపం రాదా?

ఇంకో 12,000 అమ్మ డబ్బుతో వేసిన జాయింట్ ఎఫ్‌డీది. మొదటి పేరు మీది కాబట్టి మీ పాన్ మీద పడింది. ఇక్కడ "అమ్మది" అంటే చాలదు. డబ్బు అమ్మ ఖాతా నుంచే వెళ్లిన స్టేట్‌మెంట్, ఆ వడ్డీ చూపిన అమ్మ రిటర్న్ పెట్టాలి. దానిమీద టీడీఎస్ కోత పడి, ఆ క్రెడిట్ మీరు తీసుకుని ఉంటే మాత్రం ఈ వాదన అక్కడే కూలుతుంది.

మిగిలింది 4,000, సేవింగ్స్ వడ్డీ. ఇది నిజంగానే వదిలేశారు. ఒప్పేసుకోండి! గడువుంటే రివైజ్డ్ రిటర్న్ వేసి, ఆ రసీదు నంబరు లెటర్‌లో రాయండి.

లెటర్ పైన పాన్, అసెస్‌మెంట్ ఇయర్ 2025-26, నోటీసు గుర్తింపు నంబరు డిన్, రిటర్న్ రసీదు నంబరు. కింద ఇంతే:

"ఏఐఎస్ ప్రకారం వడ్డీ రూ. 1,46,000. ఇందులో ఒకే ఎఫ్‌డీ రెండుసార్లు నమోదైనది రూ. 42,000 (అనుబంధం 1). తల్లి ఆదాయం, ఆమె రిటర్న్‌లో చూపినది రూ. 12,000 (అనుబంధం 2). నేను చూపకుండా వదిలినది, ఇప్పుడు రివైజ్డ్ రిటర్న్‌లో చేర్చినది రూ. 4,000 (అనుబంధం 3). మొదటి రిటర్న్‌లో చూపినది రూ. 88,000. వివరణ లేని తేడా: సున్నా."

పంపే ముందు ఏఐఎస్‌లో ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి. రెండు 42,000 లైన్లలో ఒకదానికి మాత్రమే `Information is duplicate / included in other information`, 12,000కి `Information relates to other PAN/Year`. ఫీడ్‌బ్యాక్ ఒకటి, లెటర్ ఇంకొకటి చెబితే ఆఫీసర్ రెండూ నమ్మరు. ఫీడ్‌బ్యాక్ రసీదు కూడా అనుబంధం 1తో కలిపి అప్‌లోడ్ చేయండి, నోటీసులో ఇచ్చిన గడువు దాటకుండా!