బూట్‌లోడర్ తనిఖీ చేస్తుంటే ఫర్మ్‌వేర్ ఎలా బయటికి పోతుంది

అందరికీ నమస్కారం.

ఇవాళ రెండు పనుల గురించి కలిపి మాట్లాడతాను. చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్‌ను బయటివాళ్లు చదవకుండా రీడ్‌అవుట్ ప్రొటెక్షన్ పెట్టడం ఒకటి. అప్లికేషన్‌ను నడిపించే ముందు అది చెడిపోలేదని బూట్‌లోడర్ సరిచూసుకోవడం రెండోది. చాలా చోట్ల బూట్‌లోడర్ రాసేది ఒకరు, ప్రొడక్షన్ లైన్‌లో ఆప్షన్ బైట్లు రాసేది ఇంకొకరు. అందుకని ఈ రెండూ ఒకదానికొకటి ఎక్కడ అడ్డొస్తాయో ఎవరికీ కనబడదు. నేను చెప్పాలనుకున్నది ఆ చోటు గురించే.

ఉదాహరణకి మనకు తెలిసిన వస్తువే తీసుకుందాం. బోరు మోటారుకు పెట్టే మొబైల్ స్టార్టర్. రైతు ఇంట్లోంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది, ఫేజు పోయినా బోరు ఎండినా ఆగిపోతుంది. లోపల ఎస్‌టీఎం32 ఎఫ్407 చిప్ ఉందనుకోండి. కొత్త ఫర్మ్‌వేర్ సిమ్ ద్వారా దిగుతుంది. ఫ్లాష్‌లో మొదటి రెండు సెక్టార్లు, అంటే 0x08000000 నుంచి 32 కేబీ, బూట్‌లోడర్‌కి ఇచ్చాం. అప్లికేషన్ ఇమేజ్ 0x08010000 దగ్గర మొదలవుతుంది. అందులో మొదటి 512 బైట్లు హెడర్, ఆ తర్వాత 0x08010200 దగ్గర వెక్టర్ టేబుల్. హెడర్‌కి ఇరవై ముప్పై బైట్లు చాలు కదా అంటారేమో. ఈ చిప్‌లో వెక్టర్ టేబుల్ 512 బైట్ల హద్దు మీదే ఉండాలి. దాన్ని 0x08010020 దగ్గర పెడితే అప్లికేషన్ మొదలవుతుంది కానీ, మొదటి ఇంటరప్ట్ రాగానే ఎటో వెళ్లిపోతుంది.

ముందు ప్రొటెక్షన్ సంగతి. ఆప్షన్ బైట్లలో ఆర్‌డీపీ అని ఒక బైట్ ఉంటుంది. అందులో 0xAA ఉంటే లెవెల్ 0, అంతా బార్లా తెరిచి ఉన్నట్టే. 0xCC ఉంటే లెవెల్ 2. ఈ రెండూ కాక ఇంకేం ఉన్నా లెవెల్ 1. లెవెల్ 1లో డీబగ్గర్ తగిలించగానే ఫ్లాష్ మూసుకుపోతుంది, చదవబోతే బస్ ఎర్రర్ వస్తుంది. మళ్లీ లెవెల్ 0కి దించితే ఫ్లాష్ మొత్తం చెరిగిపోతుంది. లెవెల్ 2లో డీబగ్ పోర్టే పనిచేయదు, ఆప్షన్ బైట్లను ఇక మార్చలేం. ఎఫ్4 చిప్‌లలో అక్కడి నుంచి వెనక్కి దారి లేదు. అలాంటి చిప్ ఫీల్డులో చెడిపోయి తిరిగొస్తే తయారీదారు కూడా లోపల ఏమైందో చూడలేడు.

ఆ భయంతోనే చాలామంది లెవెల్ 1 దగ్గర ఆగిపోతారు. లైన్‌లో ఈ ఒక్క కమాండ్ నడిపి, పని అయిపోయిందనుకుంటారు:

```
STM32_Programmer_CLI -c port=SWD -ob RDP=0xBB
```

లెవెల్ 1 మూసేది ఫ్లాష్‌ను, బ్యాకప్ ఎస్‌ర్యామ్‌ను. మామూలు ర్యామ్‌ను మూయదు. డీబగ్గర్ తగిలించినవాడు ర్యామ్‌లో ఏముందో తీరిగ్గా చదువుకోవచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఇక బూట్‌లోడర్ తనిఖీ. అప్‌డేట్ దిగుతుండగా కరెంటు పోతే సగం ఇమేజ్ మిగులుతుంది. దాన్ని నడిపిస్తే మోటారు రిలే ఏం చేస్తుందో చెప్పలేం. అందుకని హెడర్‌లో ఒక గుర్తు సంఖ్య, ఇమేజ్ పొడవు, సీఆర్‌సీ పెడతాం. గుర్తు సంఖ్యను అన్నిటికన్నా చివర రాయాలి. అప్పుడు అది కనబడిందంటే మిగతాదంతా రాయడం పూర్తయినట్టు లెక్క. పొడవును సీఆర్‌సీ కంటే ముందు సరిచూడాలి. చెరిపేసిన ఫ్లాష్ అంతా 0xFF కాబట్టి పొడవు 0xFFFFFFFF అని చదువుతాం. దాన్ని నమ్మి లెక్క మొదలుపెడితే ఫ్లాష్ చివర దాటగానే హార్డ్‌ఫాల్ట్. బోర్డు చచ్చినట్టు పడి ఉంటుంది, కారణం ఎవరికీ తట్టదు.

ఇంకో పాత తలనొప్పి కూడా చెప్పేస్తాను. దూకే ముందు స్టాక్ పాయింటర్ సరైనదేనా అని చూడటానికి చాలా ఉదాహరణ కోడ్‌లలో ఈ వరుస ఉంటుంది:

```c
if ((sp & 0x2FFE0000) == 0x20000000)
```

ఎఫ్407లో వరుసగా 128 కేబీ ర్యామ్ ఉంది. లింకర్ స్టాక్‌ను సరిగ్గా ర్యామ్ చివర, 0x20020000 దగ్గర పెడుతుంది. ఆ విలువ ఈ తనిఖీలో ఫెయిల్ అవుతుంది. ఇమేజ్‌లో ఏ తప్పూ ఉండదు, బూట్‌లోడర్ మాత్రం దాన్ని ఒప్పుకోదు. మాస్కుల జోలికి పోకుండా, విలువ ర్యామ్ మొదలు కంటే ఎక్కువ, చివరకు సమానం లేదా తక్కువ అని నేరుగా పోల్చడమే మేలు.

సరే, లెవెల్ 1 పెట్టాం, ప్రతి బూట్‌లో సీఆర్‌సీ చూస్తున్నాం. బాగానే ఉందనిపిస్తుంది. 2017లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థకు చెందిన యోహన్నెస్ ఓబర్‌మయర్, స్టెఫాన్ టాచ్‌నర్ ఎస్‌టీఎం32 ఎఫ్0 చిప్ మీద ఒక పరిశోధన ప్రచురించారు. లెవెల్ 1లో ఉన్న చిప్‌కి పవర్ ఇచ్చి, కోడ్‌ను కొద్దిసేపు మాత్రమే నడవనిచ్చి, డీబగ్గర్ తగిలించి ర్యామ్‌ను కాపీ చేసుకున్నారు. డీబగ్గర్ తగిలితే ఫ్లాష్ మూసుకుపోతుంది కాబట్టి పవర్ తీసి మళ్లీ ఇచ్చారు. ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు నడవనిచ్చి ఆపారు. అలా మళ్లీ మళ్లీ. దీనికి వాళ్లు పెట్టిన పేరు కోల్డ్-బూట్ స్టెప్పింగ్. బూట్ కాగానే తన ఫ్లాష్‌నంతా చదివి సీఆర్‌సీ లెక్కకట్టే ఫర్మ్‌వేర్ అయితే ఈ పద్ధతికి అంతకంటే ఏం కావాలి?

ఎందుకో కోడ్‌లో చూద్దాం. ఎస్‌టీఎం32 హార్డ్‌వేర్ యూనిట్ చేసే లెక్కనే సాఫ్ట్‌వేర్‌లో రాస్తే ఇలా ఉంటుంది:

```c
uint32_t crc_word(uint32_t s, uint32_t w) {
    s ^= w;
    for (int i = 0; i < 32; i++)
        s = (s & 0x80000000u) ? (s << 1) ^ 0x04C11DB7u
                              : s << 1;
    return s;
}
```

ఇందులో `s` అప్పటిదాకా వచ్చిన సీఆర్‌సీ, `w` ఫ్లాష్ నుంచి చదివిన ఒక వర్డ్. ఒక వర్డ్‌కి ముందున్న విలువ `s1`, ఆ వర్డ్ అయ్యాక వచ్చిన విలువ `s2` ర్యామ్ కాపీల్లో దొరికాయనుకోండి. సీఆర్‌సీ హ్యాష్ కాదు, దాన్ని వెనక్కి తిప్పవచ్చు. 0x04C11DB7లో చివరి బిట్ 1. ఎడమకు జరిపిన విలువలో చివరి బిట్ ఎప్పుడూ 0. అందువల్ల ఫలితంలో చివరి బిట్ చూస్తే చాలు, ఆ మెట్టులో ఎక్సార్ జరిగిందో లేదో తెలిసిపోతుంది:

```c
for (int i = 0; i < 32; i++)
    s2 = (s2 & 1u) ? ((s2 ^ 0x04C11DB7u) >> 1) | 0x80000000u
                   : s2 >> 1;
w = s1 ^ s2;
```

అంతే, ఫ్లాష్‌లోని 4 బైట్లు చేతికొచ్చాయి. ఇదే పని వర్డ్ వర్డ్‌కీ చేసుకుంటూ పోతే ఇమేజ్ మొత్తం వస్తుంది. ఎవరూ ఊహించి కనిపెట్టాల్సింది ఏమీ లేదు, ఓపిక ఉంటే చాలు. ఆ ఓపిక ఒక స్క్రిప్టుకు బోలెడంత ఉంటుంది.

అయితే సీఆర్‌సీ తీసేసి ఎస్‌హెచ్‌ఏ-256 పెడతాం అంటారా? ఈ విషయంలో అది ఇంకా నయం కాదు. సాఫ్ట్‌వేర్‌లో రాసిన ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క కోసం 64 బైట్ల బ్లాకును ముందు ర్యామ్‌లోని ఒక ఎర్రేలోకి దింపుకుంటుంది. వెనక్కి తిప్పే శ్రమ కూడా లేకుండా ఫ్లాష్ బైట్లు అక్కడే కనబడతాయి. తప్పు అల్గారిథమ్‌ది కాదు. ర్యామ్ తెరిచి ఉన్న లెవెల్‌లో ఫ్లాష్‌నంతా ర్యామ్ మీదుగా నడిపించడంలోనే ఉంది.

కాబట్టి కోడ్ నిజంగా దాచాల్సినదైతే లెవెల్ 1 చాలదు, లెవెల్ 2కి వెళ్లాలి. మన స్టార్టర్‌లో ఫేజు ఫెయిల్యూర్ లాజిక్ ఎవరు చూసినా నష్టం లేదనుకుంటే లెవెల్ 1 పెట్టి, సీఆర్‌సీ ఉంచుకుని, హాయిగా ఉండొచ్చు. ఈ నిర్ణయం మాత్రం తెలిసి తీసుకోవాలి. లెవెల్ 2కి వెళ్తే బూట్‌లోడర్ అప్లికేషన్ సెక్టార్లను చెరిపి రాయడం మామూలుగానే సాగుతుంది, సిమ్ ద్వారా అప్‌డేట్లు ఆగవు. కానీ బూట్‌లోడర్ సెక్టార్లకు రైట్ ప్రొటెక్షన్ పెట్టాలనుకుంటే ముందే పెట్టాలి, ఆ తర్వాత ఆప్షన్ బైట్లు గడ్డకట్టినట్టే.

లెవెల్ 2 కూడా ఛేదించరానిదేం కాదు. 0xCCలో ఒక్క బిట్ తిరగబడితే చాలు, అది 0xCC కాదు, 0xAA కూడా కాదు, కనుక లెవెల్ 1. ఆ జర్మన్ పరిశోధకులే చిప్ పైపొర తీసి అతినీలలోహిత కాంతితో ఎఫ్0ని ఇలా కిందికి దించారు. 2018 డిసెంబరులో లైప్‌జిగ్‌లో జరిగిన 35సీ3 సమావేశంలో వేరే పరిశోధకులు ట్రెజర్ వన్ అనే క్రిప్టో వాలెట్ మీద వోల్టేజ్ గ్లిచ్ చేసి చూపించారు. అందులోని ఎస్‌టీఎం32 ఎఫ్2 లెవెల్ 2 నుంచి లెవెల్ 1కి దిగింది. ఫ్లాష్ మూసే ఉంది, రహస్యం మాత్రం ర్యామ్‌లో దొరికింది. రెండు చోట్లా దాడి వచ్చి ఆగింది లెవెల్ 1 దగ్గరే, పని పూర్తయింది ర్యామ్ వల్లే.

అందుకే చిప్‌లోపలి రహస్యం బయటపడినా నష్టం ఆ ఒక్క బోర్డుకే పరిమితమయ్యేలా చూసుకోవాలి. సీఆర్‌సీ కరెంటు కోతను పట్టుకుంటుంది, మనిషిని పట్టుకోదు. ఇమేజ్ మార్చినవాడు సీఆర్‌సీని కూడా మార్చుకుంటాడు. హెచ్‌మ్యాక్ పెడితే ఆ తాళంచెవి ప్రతి బోర్డులోనూ ఉండాలి. ఒక్క బోర్డు విప్పితే అన్ని బోర్డులకూ దొంగ ఇమేజ్ తయారు చేయొచ్చు. డిజిటల్ సిగ్నేచర్ అయితే బూట్‌లోడర్‌లో ఉండేది పబ్లిక్ కీ ఒక్కటే. ఫ్లాష్ అంతా చదివేసినా సంతకం చేసే ప్రైవేట్ కీ మన బిల్డ్ మెషీన్‌లోనే ఉంటుంది. ఈసీడీఎస్‌ఏ పీ-256 గానీ, ఈడీ25519 గానీ ఎఫ్4 మీద బాగానే నడుస్తాయి. సంతకం కిందికి వెర్షన్ నంబరు, పొడవు కూడా రావాలి. లేకపోతే సంతకం ఉన్న పాత ఇమేజ్‌కి కొత్త వెర్షన్ నంబరు తగిలించి, బగ్ ఉన్న వెర్షన్‌ను మళ్లీ ఎక్కించేస్తారు.

ఒక చిక్కు మిగిలింది. లెవెల్ 1లో ఉన్న బోర్డును ఎవరైనా లెవెల్ 0కి దించితే మన కోడ్ చెరిగిపోతుంది, నిజమే. దాంతోపాటు సంతకం చూసే బూట్‌లోడర్ కూడా పోతుంది. ఖాళీ చిప్‌లో వాళ్ల బూట్‌లోడర్, వాళ్ల అప్లికేషన్ పెట్టుకుంటారు. బయట పెట్టె మీద మాత్రం మన స్టిక్కరే. చేతికి బోర్డు దొరికినవాడి నుంచి సంతకం మనల్ని కాపాడాలంటే లెవెల్ 2 ఉండాల్సిందే.

చివరగా పరీక్ష. సరుకు పంపే పెట్టెల్లోంచి ఒక బోర్డు తీసి డీబగ్గర్ తగిలించండి. లెవెల్ 2 అయితే కనెక్టే కాకూడదు. లెవెల్ 1 అయితే 0x08000000 చదవబోతే ఎర్రర్ రావాలి. ఆప్షన్ బైట్లు రాశాక పవర్ తీసి పెట్టిన తర్వాతే ఈ పరీక్ష చేయండి, అంతకుముందు వచ్చే ఫలితాన్ని నమ్మకండి. బూట్‌లోడర్ కోడ్‌లోనే `FLASH->OPTCR` 15 నుంచి 8 బిట్లు చదివి, అక్కడ 0xAA కనబడితే ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించండి. లైన్‌లో ఎవరైనా ఆ అడుగు మర్చిపోతే బోర్డు బయటికి పోకముందే తెలుస్తుంది. తర్వాత ఇమేజ్ మధ్యలో ఒక బిట్ మార్చిన ఫైలు పంపండి, పొడవు పెంచిన ఫైలు పంపండి, అప్‌డేట్ సగంలో ప్లగ్ పీకండి. ఈ మూడింటిలోనూ బూట్‌లోడర్ అప్లికేషన్‌లోకి దూకకుండా తన దగ్గరే ఆగి, మళ్లీ ఇమేజ్ అడగాలి. ప్లగ్ పీకే పరీక్షను హెడర్ రాసే క్షణంలోనూ చేయండి, ఎక్కువ బూట్‌లోడర్లు దొరికిపోయేది అక్కడే.

ప్రశ్నలుంటే అడగండి.